17 కాసులు, 17 తులాలు

2025 జనవరి 16, ముక్కనుమ రోజు పొద్దున్నే ఊరినుంచి కూకట్‌పల్లికి తిరిగొచ్చాం. మా ఇంటి ముఖద్వారం గొళ్లెం వంగి వేలాడుతోంది. పడగ్గదిలో బీరువా తలుపు తెరిచే ఉంది, లోపలి అర తాళం పగలగొట్టారు. నగల డబ్బాలు మంచం మీద ఖాళీగా పడున్నాయి. మా అమ్మ కాసులపేరు పెట్టుకునే ఎర్ర మఖ్మల్ సంచి కూడా అక్కడే ఉంది, అందులో ఏమీ లేదు.

ఆ నగలకు ఇన్సూరెన్స్ ఉంది. డబ్బు వచ్చింది కూడా. ఎంత రావాలో, ఎందుకు అంతే వచ్చిందో మాత్రం అంతకు ఏడాదిన్నర ముందు ఒక కాగితం మీద నేను రాసిన నాలుగు వరుసలు తేల్చేశాయి. అందుకే దీన్ని ఆ కాగితం దగ్గర్నుంచే చెబుతాను.

2023లో మా పక్క వీధిలో దొంగలు పడ్డారు. అప్పుడే హోమ్ లోన్‌తో పాటు బ్యాంకువాళ్లు ఇచ్చిన పాలసీ తీసి చదివాను. 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ ఒకే నమూనాలో అమ్ముతున్న భారత్ గృహ రక్ష అది. అందులో ‘దొంగతనం’ అన్న మాట చూసి మొదట నిశ్చింత పడ్డాను. రెండోసారి చదివితే అర్థమైంది. అగ్నిప్రమాదమో వరదో వచ్చి, దానివల్ల ఇల్లు దిక్కులేకుండా ఉన్నప్పుడు ఏడు రోజుల్లోపు జరిగే దొంగతనమే అక్కడ లెక్క. మామూలుగా తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే ఆ మూల పాలసీ కింద పైసా రాదు. పైగా మాది ఇంటి భవనానికి మాత్రమే తీసుకున్నది. నగలు, వెండి, పాత కళాఖండాల్లాంటివి ‘విలువైన వస్తువులు’ కింద విడిగా అడిగి చేర్పించుకోవాలి. తాళం పగలగొట్టి చేసే దొంగతనానికి బర్గ్లరీ కవర్ కూడా విడిగానే తీసుకోవాలి, అది నగలకు వర్తిస్తుందని పాలసీ షెడ్యూల్లో రాసి ఉండాలి.

బ్రాంచికి వెళ్లి అడిగితే అక్కడి ఆఫీసరుగారు ఓపిగ్గా చెప్పారు. మొత్తం 5 లక్షల లోపు, ఏ ఒక్క వస్తువూ లక్ష దాటకుండా ఉంటే వాల్యుయేషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. దాటితే కావాలి. మావి దాటాయి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ దగ్గరికి మా ఆయనా నేనూ నగలన్నీ పట్టుకెళ్లాం.

అక్కడ నేను మొదటిసారి మా నగల అసలు బరువు తెలుసుకున్నాను. అమ్మ కాసులపేరు త్రాసు మీద 71 గ్రాములు తూగింది. ఆయన దాన్ని వెనక్కి తిప్పి, పతకం లోపల నింపిన లక్క చూపించారు. లక్క, కెంపులు కలిపి 7 గ్రాములు తీసేసి నికర బరువు 64 అని రాశారు. మిషన్ మీద పెడితే బంగారం 21 క్యారెట్లకు వచ్చింది. పాతకాలం నగ కాబట్టి 22 ఉంటుందని నేననుకున్నాను. గ్రాము 22 క్యారెట్లది అప్పుడు 5,500 దగ్గర ఉంది, దాని ప్రకారం కాసులపేరు 3,36,000. మజూరీ, తరుగు ఆయన కలపలేదు. నెక్లెస్ సెట్, అంటే నెక్లెసూ దాని బుట్టలూ, 50 గ్రాములు, 2,75,000. నాలుగు గాజులు 48 గ్రాములు, 2,64,000. నల్లపూసల్లో బంగారం 18 గ్రాములు, 99,000. అన్నీ కలిపి 9,74,000. ప్రతి నగనూ త్రాసు మీద పెట్టి, బరువు అంకె కనిపించేలా ఫొటో తీశారు. గాజులు 2022లో కొన్నవి కాబట్టి వాటిమీద హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ ఉంది. ఒక్కో గాజుకూ ఒక్కో కోడ్. భూతద్దం పెట్టి నాలుగూ చదివి సర్టిఫికెట్లో ఎక్కించారు.

కాసులపేరుకు బిల్లు ఎక్కడుంటుంది? అది మా అమ్మమ్మ అమ్మకు పెట్టింది, అమ్మ నాకు పెట్టింది. ఆఫీసరుగారు ఇంకేదైనా ఆధారం ఉంటే ఫైల్లో పెట్టమన్నారు. 1998లో నా పెళ్లి పీటల మీద అది మెడలో ఉన్న ఫొటో ఒకటి, అది నా వాటాకు వచ్చిందని మా అన్నయ్య రాసిచ్చిన కాగితం ఒకటి జతచేశాను.

ఈ నాలుగు వరుసల జాబితాను పాలసీలో చేర్పించడానికి నింపిన ఫారంలో ప్రతి నగ పక్కనా ‘ఎక్కడ ఉంచుతారు’ అని అడిగారు. కాసులపేరు ఎక్కువగా బ్యాంకు లాకర్లోనే ఉంటుంది. లాకర్ అని రాస్తే ప్రీమియం కాస్త తగ్గుతుందనీ, కానీ ఇంట్లో ఉండగా పోతే ఇబ్బందవుతుందనీ ఆయనే చెప్పారు. పెళ్లిళ్ల సీజన్లో అది నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. అందుకని ‘ఇల్లు, తాళం వేసిన బీరువా’ అని రాయించాను. అంతకుముందు లాకర్లో ఉంటే బ్యాంకే పూచీ అనుకునేదాన్ని. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లకే పరిమితం. మా అద్దె 3,000. అంటే లోపల ఎంతున్నా 3 లక్షలు దాటదు.

ఇక దొంగతనం జరిగిన రోజు. నేను ఊరికి నల్లపూసలు, బుట్టలు, రెండు గాజులు వేసుకెళ్లాను. మాఘమాసంలో మేనకోడలి పెళ్లి ఉందని కాసులపేరు లాకర్లోంచి తెచ్చి ఇంట్లో పెట్టాను. అదీ, నెక్లెసూ, మిగిలిన రెండు గాజులూ పోయాయి. వాటితో పాటు మా అబ్బాయి 10 గ్రాముల గొలుసు, బీరువాలో ఉన్న 18,000 నగదు కూడా.

పోలీసులు వచ్చేదాకా గొళ్లెం ముట్టుకోలేదు. బలవంతంగా లోపలికి చొరబడ్డ ఆనవాళ్లు ఉంటేనే బర్గ్లరీ కవర్ పనిచేస్తుంది. ఇంట్లో పనిచేసేవాళ్లో, ఇంట్లోవాళ్లో తీస్తే మా పాలసీలో రాదు. అందుకే వంగిన గొళ్లెం, పగిలిన అర, కింద పడ్డ మరమేకులు అన్నిటికీ ఫొటోలు తీసుకున్నాం. ఆరోజే కంపెనీకి ఫోన్ చేసి, మెయిల్ కూడా పంపాను.

స్టేషన్లో మా ఆయన ఫిర్యాదు చెప్పారు. ఆయనది కోనసీమ. అక్కడ బంగారం కాసుల్లో లెక్క, కాసు అంటే 8 గ్రాములు. ‘మొత్తం 17 కాసులు’ అన్నారు. 136 గ్రాములకు సరిగ్గా 17 కాసులే. రాసుకునే కానిస్టేబుల్‌ది ఇక్కడి ప్రాంతమే, ఇక్కడ బంగారం తులాల్లో లెక్క. ఎఫ్ఐఆర్‌లో 17 తులాలు అని పడింది. తులం 10 గ్రాములు, అంటే 170. మేమిద్దరం ఆరోజు ఉన్న స్థితిలో చదవకుండానే సంతకం పెట్టాం.

నాలుగో రోజు నష్టం లెక్క కట్టడానికి ఇన్సూరెన్స్ సర్వేయరుగారు వచ్చారు. ఎఫ్ఐఆర్‌నూ నా జాబితానూ పక్కపక్కన పెట్టుకుని, ‘అమ్మా, ఈ 34 గ్రాములు ఎక్కడివి?’ అని అడిగారు. నాకు ఒళ్లు చల్లబడింది. లేని బంగారం రాయించామని వాళ్లు అనుకుంటే మొత్తం క్లెయిమే అనుమానంలో పడుతుంది. మర్నాడే స్టేషన్‌కి వెళ్లి ఎస్సైగారికి విషయం చెప్పి, వాల్యుయర్ సర్టిఫికెట్ చూపించాం. ఆయన మా ఆయన దగ్గర మరో వాంగ్మూలం తీసుకుని, పోయిన ప్రతి వస్తువునూ గ్రాముల్లో రాయించి కేసు ఫైల్లో చేర్చారు. దాని సర్టిఫైడ్ కాపీ సర్వేయరుకు ఇచ్చాకే ఆ ప్రశ్న పోయింది.

తర్వాత గాజులు. జాబితాలో నాలుగూ ఒకే వరుసలో ఉన్నాయి. నా చేతి గాజులు రెండూ తీయించి తూచారు, సరిగ్గా 24 గ్రాములు. కోడ్లు సర్టిఫికెట్లోని రెండింటితో సరిపోయాయి. పోయినవి మిగతా రెండేనని అలా తేలి, 1,32,000 లెక్క కట్టారు.

నెక్లెస్ దగ్గర నేను వాదించాను. బుట్టలు లేని నెక్లెస్ ఇప్పుడు సెట్ కాదు, నెక్లెస్ లేకుండా ఆ బుట్టలూ దేనికీ జత కావు. సెట్ మొత్తానికీ డబ్బు రావాలన్నాను. ఆయన పాలసీ పుస్తకంలో ఒక షరతు చూపించారు. జతలోనో సెట్టులోనో ఒక భాగం పోతే ఆ భాగానికి వచ్చే వాటా మాత్రమే ఇస్తారు, సెట్‌గా ఉన్నందువల్ల వచ్చే ప్రత్యేక విలువ లెక్కలోకి రాదు. బుట్టలు తూస్తే 12 గ్రాములు. మిగిలిన 38 గ్రాములకు 2,09,000 వేశారు. పనితనం బట్టి చూస్తే నెక్లెస్ వాటా అంతకంటే ఎక్కువే ఉండాలి. కానీ రెండింటినీ ఒకే వరుసలో, ఒకే అంకెతో రాయించింది నేనే. విడగొట్టడానికి ఆయన దగ్గర బరువు తప్ప వేరే కొలత లేదు.

కాసులపేరు గురించి నాకున్న భయమంతా బిల్లు లేదనే. దానికే అన్నిటికంటే తక్కువ ప్రశ్నలు వచ్చాయి. పోకముందే ఇచ్చిన సర్టిఫికెట్, త్రాసు మీది ఫొటో, పెళ్లి ఫొటో మూడింట్లోనూ పతకం ఒకటేనని చూసుకుని 3,36,000 పూర్తిగా రాశారు.

అబ్బాయి గొలుసుకు ఏమీ రాలేదు. దానికి బిల్లు ఉంది, హాల్‌మార్క్ ఉంది, కానీ జాబితా ఇచ్చాక కొన్నది. కొన్నరోజే బిల్లు పంపి, కాస్త ప్రీమియం కట్టి దాన్నీ పాలసీలో చేరుస్తూ ఎండార్స్‌మెంట్ వేయించుకుంటే సరిపోయేది. నగదుకు ఆ పాలసీలో చోటే లేదు.

అన్నీ కలిపి 6,77,000. ఏ నగకు ఎంతని ముందే ఒప్పుకున్న విలువ కాబట్టి తరుగుదల పేరుతో ఏమీ కోయలేదు. అదే ఒప్పందం మరోవైపు కూడా పనిచేసింది. దొంగతనం జరిగేనాటికి బంగారం గ్రాము 7,300 పైనే ఉంది. ఆ ధరకు ఆ మూడు నగలూ మళ్లీ కొనాలంటే మజూరీ లేకుండానే దాదాపు 9 లక్షలు. 2024 జూన్‌లో రెన్యూవల్ లింక్ వస్తే పాత అంకెలతోనే డబ్బు కట్టేశాను. అప్పుడు కొత్త సర్టిఫికెట్ తెచ్చి విలువ పెంచి ఉంటే ఆ తేడా చాలావరకు పూడేది.

సొమ్ము ఆచూకీ దొరకలేదన్న పోలీసు తుది నివేదిక కోసం మే నెలాఖరు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ నివేదికతో పాటు, నగలు ఎప్పుడైనా దొరికితే వాటిమీద హక్కు కంపెనీదేనని స్టాంపు పేపరు మీద సంతకం పెట్టాను. ఆ ఒక్క సంతకానికి చాలాసేపు పట్టింది. అమ్మ కాసులపేరు రేపు దొరికినా నేరుగా నా చేతికి రాదు. తీసుకున్న డబ్బు వెనక్కి కట్టి నగ తీసుకునే వీలుంటుందా అని అడిగాను. అప్పుడు దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆ మాట ఫైల్లో రాసి ఇవ్వమని అడిగి తీసుకున్నాను.

జూన్‌లో మళ్లీ వాల్యుయర్ దగ్గరికి వెళ్లాను. ఈసారి గాజులు రెండు వరుసల్లో, ఒక్కోదాని పక్కన దాని కోడ్‌తో రాయించాను. అబ్బాయికి కొన్న కొత్త గొలుసు, దాని బిల్లు నంబరు. నల్లపూసలు. చివరి వరుసలో ‘బుట్టలు, జత, 12 గ్రాములు’.