బొబ్బర్ల డబ్బాలో ఒపీనియన్ పోల్: మూడు వారాల లెక్క

పోల్ వార్తల్లో "ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం" అని వేస్తారు కదా, ఆ 3 ఎక్కడి నుంచి వస్తుందో చేత్తో లెక్కపెట్టి చూడాలనిపించింది.

మొదటి వారం కాబూలీ శనగలు 1100, మామూలు నల్ల శనగలు 900 ఒక డబ్బాలో పోశాను. అంటే కాబూలీ "పార్టీ" అసలు బలం 55 శాతం. డబ్బా బాగా ఊపి, పైనుంచి 100 గింజలు తీసి లెక్కపెట్టాను. 74 కాబూలీలు. మళ్లీ తీస్తే 71, ఆ తర్వాత 76. డబ్బాను ఊపితే చిన్న గింజలు సందుల్లోంచి కిందికి జారి, పెద్దవి పైకి వస్తాయని అప్పుడు అర్థమైంది.

రెండో వారం ఒకే సైజు తెల్ల, ఎర్ర బొబ్బర్లు తెచ్చాను. లెక్క అదే, 1100, 900. ఈసారి పెద్ద పళ్లెంలో పోసి, చేత్తో కలిపి, కళ్లు మూసుకుని అక్కడక్కడ నుంచి 100 ఏరాను. లెక్కపెట్టాక అన్నీ తిరిగి కలిపేశాను. మార్జిన్‌కి, అంటే ఆ ప్లస్ ఆర్ మైనస్ సంఖ్యకి, వాడిన సూత్రం ఇది:

```
1.96 * sqrt(p * (1 - p) / n)
```

p శాంపిల్‌లో వచ్చిన వాటా, n గింజల సంఖ్య. 100 గింజలకి మార్జిన్ దాదాపు 10 శాతం వస్తుంది. మొదటిసారి తెల్లవి 61 వచ్చాయి కాబట్టి నా ఇంటర్వల్, అంటే అసలు సంఖ్య ఉంటుందని అనుకునే పరిధి, 51 నుంచి 71. అసలు సంఖ్య 55 అందులోనే ఉంది. ఒకసారి మాత్రం 66 వచ్చింది. ఇంటర్వల్ దాదాపు 57 దగ్గర మొదలైంది, 55 బయట ఉండిపోయింది.

మూడు సాయంత్రాల్లో 40 సార్లు ఏరితే 37 ఇంటర్వల్స్‌లో 55 పడింది, మూడింట్లో పడలేదు. "95 శాతం కాన్ఫిడెన్స్" అంటే ఇదే. ఇలా చాలాసార్లు చేస్తే 100కి దాదాపు 95 సార్లు ఇంటర్వల్ అసలు సంఖ్యను పట్టుకుంటుంది. చేతిలో ఉన్న ఈ ఒక్క పోల్ పట్టుకుందో లేదో మాత్రం అది చెప్పదు.

వెయ్యి మందిని అడిగితే మార్జిన్ 3 శాతం దగ్గరికి వస్తుంది. దాన్ని సగం చేయాలంటే నాలుగు వేల మందిని అడగాలి. n రూట్ లోపల ఉండటం వల్ల ఇంత ఖర్చు.

మూడో వారం మళ్లీ శనగల లెక్కలు తీశాను. బొబ్బర్లలో తప్పులు 55కి అటూ ఇటూ పడ్డాయి, శనగల్లో అన్నీ ఒకే వైపు. ఆ తేడా సూత్రంలో ఎక్కడా లేదు. ఎక్కువ గింజలు తీసినా అది పోదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక పోల్‌కి దాదాపు 24 లక్షల జవాబులు వచ్చాయి. రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని వాళ్లు రాశారు, రూజ్‌వెల్ట్ భారీగా గెలిచాడు. టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి పేర్లు తీసుకోవడం, ఆపైన ఓపిగ్గా జవాబు రాసి పంపినవాళ్లే లెక్కలోకి రావడం దానికి కారణాలు. నేను డబ్బా పైపైన తీసినట్టే.

వచ్చే వారం మూడు రంగుల గింజలు పెట్టి, రెండు పార్టీల మధ్య తేడాకి మార్జిన్ ఎంతో చూస్తాను. వెయ్యి మందిలో 44, 41 వస్తే ఆ 3 శాతం ఆధిక్యం మీద మార్జిన్ 3 కాదు, దాదాపు 5.7. కాగితం మీద ఇప్పటికే వేసి చూశాను, గింజలతో ఇంకా చూడాలి.