కుడి పిక్క మీద ఆవగింజంత పొక్కు

ఆదివారం రాత్రి

ఈ ఉదయం స్నానం చేస్తుండగా కుడి పిక్క వెనుక, మోకాటి మడతకు నాలుగు వేళ్ల కిందుగా, చేతికి ఒక చిన్న పొక్కు తగిలింది. ఒళ్లు తుడుచుకుని కిటికీ దగ్గరికి వచ్చి అద్దం పట్టుకుని చూస్తే, ఆవగింజంత ఎర్రని ఉబ్బు మధ్యలో పలుచని చర్మం కింద నల్లని దారపు పోగు ఒకటి చుట్టుకుని పడుకున్నట్లు కనిపించింది. బయటికి రావలసిన వెంట్రుక దారి దొరకక లోపలే వంగి పెరుగుతున్నది. కాళ్ల వెంట్రుకలు పీకే యంత్రం, ఎపిలేటర్‌ను మొదటిసారి వాడి నేటికి సరిగ్గా పదిహేను రోజులు. పొక్కు ఎక్కడ వచ్చిందో చూడగానే ఎందుకు వచ్చిందో కూడా నాకు తెలిసిపోయింది. ఆ రోజు నొప్పికి ఓర్చుకోలేక నేను హడావుడిగా లాగేసిన చోటు అదే.

ఆ శనివారం నేను నిర్లక్ష్యంగా మొదలుపెట్టానని ఎవరూ అనలేరు. పిన్ని కూతురు, నాకు అక్క వరుస, మూడేళ్లుగా దీన్ని వాడుతున్నది. ఆమె చెప్పినట్లే వారం ముందు రెండు కాళ్లకూ రేజర్ వాడి, వెంట్రుకలు రెండు మిల్లీమీటర్ల వరకు పెరిగేదాకా ఆగాను. ఎపిలేటర్ తలలో గిర్రున తిరిగే బిళ్లలు ఉంటాయి. వాటి మధ్య చిన్న చిన్న పట్టకార్లు తెరుచుకుంటూ, మూసుకుంటూ వెంట్రుకను పట్టి కుదురుతో సహా పీకుతాయి. వెంట్రుక మరీ పొట్టిగా ఉంటే పట్టకారుకు అందదు. మరీ పొడుగ్గా ఉంటే చుట్టుకుని చర్మాన్ని కూడా లాగుతుంది, అప్పుడే నొప్పి ఎక్కువ. ముందు రోజు సున్నిపిండితో మెల్లగా రుద్దుకున్నాను. నెలసరికి ముందు వచ్చే నాలుగైదు రోజులు ఒళ్లు దేన్నీ తట్టుకోదు కనుక ఆ రోజులను కూడా తప్పించాను. రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నాను, ఎరుపు వచ్చినా తెల్లారేసరికి తగ్గుతుందని.

గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాలు స్నానం చేశాక కాళ్లు పూర్తిగా ఆరబెట్టుకున్నాను. అమ్మ అలవాటు ప్రకారం కొబ్బరినూనె గిన్నె తెచ్చి పెట్టింది కానీ నేను ముట్టుకోలేదు. చర్మం మీద జిడ్డు ఉంటే పట్టకారుకు వెంట్రుక జారిపోతుంది. జారిన ప్రతిసారీ నొప్పి మాత్రం మిగులుతుంది.

నొప్పి గురించి దాపరికం లేకుండా రాస్తాను. మొదటి పది సెకన్లలో నా కళ్ల వెంట నీళ్లు తిరిగాయి. ఒకేసారి ఇరవై చీమలు వరుస కట్టి కుట్టినట్లు ఉంది. గది బయట నుంచి అమ్మ, "చెవులు కుట్టించుకున్నప్పుడు కూడా ఇలాగే అరిచావే" అన్నది. అయితే ఎడమ పిక్క బయటి వైపు, కండ ఉన్న చోట మొదలుపెట్టడం మంచిదైంది. చీలమండ దగ్గరా, కాలి ముందు ఎముక మీదా చర్మం పలుచన. అక్కడ మొదలుపెట్టి ఉంటే ఆ యంత్రాన్ని ఆ క్షణమే డబ్బాలో పెట్టేసేదాన్ని. అరచేతి వెడల్పు మేర చేసి ఆగడం, ఆగిన వెంటనే ఆ చోటును అరచేతితో గట్టిగా నొక్కి పట్టడం, ఊపిరి వదులుతూ మళ్లీ ఆనించడం, ఇలా ఒక పావుగంట గడిచాక ఆ భాగం కాస్త మొద్దుబారింది. మంట ఉన్నది కానీ ఉలికిపాటు పోయింది.

ఆ రోజు నేను కనిపెట్టిన ముఖ్యమైన సంగతి రెండో చేతి పని. వెంట్రుకను లాగినప్పుడు దానితోపాటు చర్మం కూడా పైకి లేస్తుంది. ఆ లేవడమే సగం నొప్పి. ఎడమ చేతితో చర్మాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటే ఆ సగం తగ్గుతుంది. వెంట్రుక కూడా తిన్నగా నిలబడుతుంది కనుక పట్టకారు దాన్ని మొదలు దగ్గరే పట్టుకుంటుంది. యంత్రాన్ని చర్మానికి నిటారుగా ఉంచి, నొక్కకుండా, వెంట్రుకలు పెరిగే దిశకు ఎదురుగా నెమ్మదిగా జరపాలి. ఆ నెమ్మది ఎంతంటే, చీలమండ నుంచి మోకాలి వరకు ఒక్క వరుసకు దాదాపు అర నిమిషం పట్టాలి.

మధ్యలో ఒక పొరపాటు ప్రయోగం చేశాను. తిమ్మిరి ఎక్కితే నొప్పి తెలియదు కదా అని ముందుగా ఐసుముక్క రుద్దాను. చలికి ఒళ్లు గగుర్పొడిచి, చర్మం బిగుసుకుని, వెంట్రుకలు రావడం మరింత కష్టమైంది. ఐసు పని తరువాతే, అదీ గుడ్డలో చుట్టి. మందుల దుకాణంలో దొరికే మత్తు క్రీము సంగతి కూడా అక్కను అడిగాను. "అరచేతి మేర చోటుకు వేరు, రెండు కాళ్ల నిండా పూసుకోవడం వేరు, ఆ మందు చర్మం గుండా రక్తంలోకి వెళ్తుందే" అని ఆమె కోప్పడింది. ఆ మందులు అతిగా ఒంట్లోకి చేరితే గుండె లయ తప్పడం, ఫిట్స్ రావడం వంటి ప్రమాదాలున్నాయని తెలిశాక ఆ ఆలోచన మానుకున్నాను.

ఎడమ కాలికి ముప్పావు గంట పట్టింది. కుడి కాలి వంతు వచ్చేసరికి తొమ్మిది దాటింది. చేయి నొప్పి పుట్టింది, ఓపిక అడుగంటింది. వేగం మీట రెండో అంకెకు తిప్పి, యంత్రాన్ని అదిమి పట్టి, రేజర్ లాగినట్లు చరచరా లాగేశాను. పిక్క వెనుక భాగం కంటికి కనబడదు. చర్మం బిగించి పట్టుకోవడానికి నడుము తిప్పాలి. ఆ రెండు కష్టాలూ పడలేక చేతికి అందినట్లు కానిచ్చాను. పదిహేను నిమిషాల్లో పని ముగిసిందని సంతోషించాను కూడా.

కాళ్ల కింద పరచిన తెల్ల తువ్వాలు ఆ రాత్రే నిజం చెప్పింది. దాన్ని చదవడం నాకే రాలేదు. ఎడమ కాలి నుంచి రాలిన వెంట్రుకల చివర తెల్లని చిన్న బుడిపె ఉంది. అది కుదురు. కుడి కాలి నుంచి రాలిన వాటిలో చాలావరకు రెండు చివరలూ మొండిగా తెగిన ముక్కలే. కుదురుతో వచ్చిన వెంట్రుక స్థానంలో కొత్తది పైకి రావడానికి వారాలు పడుతుంది. మధ్యలో తెగినది రెండు రోజుల్లోనే గరుకుగా చేతికి తగులుతుంది. సోమవారం నాటికి నా కుడి పిక్క అలాగే తగిలింది. చర్మం అంచుకు కొంచెం కిందుగా తెగిన వెంట్రుకైతే ఇంకా చిక్కు. దాని కొస వాడిగా ఉంటుంది, పైన మృత చర్మం మూత వేస్తుంది, అది పక్కకు తిరిగి లోపలే గుచ్చుకుంటుంది. ఒళ్లు దాన్ని ముల్లుగా భావించి ఎర్రగా వాచి పోరాడుతుంది. సహజంగా రింగులు తిరిగే వెంట్రుకలున్నవారికి ఈ బాధ ఎక్కువ.

ఎడమ కాలికి మాత్రం ఈ బాధ ఎన్నటికీ రాదని కాదు. కుదురుతో పీకినా తరువాత మొలిచే వెంట్రుక సన్నగా, బలహీనంగా ఉంటుంది. పైపొరను చీల్చుకుని రాలేకపోవచ్చు. అందుకే తరువాతి జాగ్రత్త కావాలి. మొదటి రోజు కలబంద జెల్ తప్ప మరేదీ పూయలేదు, వదులైన నూలు పైజామా వేసుకున్నాను, మరునాడు వేడినీళ్ల స్నానం మానాను. ఆ రాత్రి ప్రతి రంధ్రం చుట్టూ వచ్చిన ఎర్రని చుక్కలు తెల్లారేసరికి పోయాయి. అవి పీకిన గుర్తులు మాత్రమే, వాటికి భయపడనక్కర లేదు. రెండో రోజో మూడో రోజో తెల్లని చీము తలలతో పొక్కులు వస్తే అది సూక్ష్మజీవుల పని. యంత్రం తలను స్పిరిట్‌తో తుడవనివారికి అది తరచుగా వస్తుంది. వారం, రెండు వారాల తరువాత ఒంటరిగా లేచే పొక్కు, మధ్యలో నల్లని గీతతో ఉంటే, నాకు వచ్చినదే.

మూడో రోజు నుంచి వారానికి రెండుసార్లు మృత చర్మం తీయాలని నియమం పెట్టుకున్నాను. మెత్తగా నానిన బీరపీచుతో, బలం పెట్టకుండా, గుండ్రంగా రుద్దాలి. బరకగా ఆడించిన సున్నిపిండి చర్మాన్ని గీరుతుంది కనుక దాన్ని జల్లించి వాడాను. తరువాత యూరియా ఉన్న లోషన్ రాశాను. ఇవన్నీ చేసిన మాట నిజమే. కానీ ఈ రోజు గుర్తు చేసుకుంటే, నేను రుద్దినది కాళ్ల ముందు వైపు మాత్రమే! వెనుక భాగం వెంట్రుకలు పీకినప్పుడూ కనబడలేదు, రుద్దినప్పుడూ కనబడలేదు. దానికి తోడు వారమంతా ఆఫీసుకు బిగుతైన లెగ్గింగ్స్ వేసుకుని, కుర్చీ అంచుకు ఆనించి కూర్చున్నది ఆ పిక్కనే.

పొక్కు సంగతి చెప్పగానే అమ్మ తన గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. గుచ్చుకున్న ముల్లు తీసినట్లు తీసేయమని ఆమె ఉద్దేశం. అక్కకు ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేసి, "గోకావంటే ఊరుకోను, మన చర్మానికి మచ్చ పడితే నెలల తరబడి పోదే" అన్నది. ఆమె చెప్పినట్లు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు కాపడం పెట్టాను. సాయంత్రానికి చర్మం మెత్తబడి వెంట్రుక వంపు పైకి తేలింది. స్పిరిట్‌తో తుడిచిన పట్టకారు కొసను వంపు కిందికి పోనిచ్చి పైకి లేపి వదిలేశాను. పీకలేదు. పీకితే ఆ చిన్న గాయం మూసుకుపోయి మళ్లీ కొత్త వెంట్రుక కిందే చిక్కుతుంది. వాపు పెరిగినా, చుట్టూ వేడిగా ఎర్రబడి పాకినా, జ్వరం తగిలినా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. షుగర్ ఉన్నవారు అంతదాకా ఆగకూడదు. నా పొక్కుకు ఇప్పుడు ఆ లక్షణాలేవీ లేవు.

వచ్చే శనివారం రెండోసారి కూర్చుంటాను. ఆనాడు చర్మం లోపల నిద్రపోతున్న వెంట్రుకలు అప్పటికి మూడు వారాల్లో పైకి వచ్చి ఉంటాయి కనుక ఆ పని తప్పదు. పొక్కు చుట్టూ రూపాయి బిళ్లంత చోటు అది పూర్తిగా మానేదాకా ముట్టుకోను. ఈసారి కుడి కాలితో మొదలుపెడతాను, ఎడమ కాలిని ఆదివారానికి వాయిదా వేస్తాను. పిక్క వెనుక భాగం కనబడేలా, బీరువా తలుపుకున్న అద్దం ముందుకు పీట ఈడ్చి ఇప్పుడే పెట్టి వచ్చాను.