ఆవలింతలు, నిట్టూర్పులు, ఓ సంజాయిషీ లేఖ

నిన్నటితో ఊపిరి సరిచేసుకునే ఫిజియోథెరపీ సిట్టింగులు అయిపోయాయి. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మార్చి ఆడిట్ సమయంలో జలుబు చేసి, ముక్కు మూసుకుపోయి, చాలా రోజులు నోటితోనే గాలి పీల్చాను. జలుబు పోయింది కానీ గాలి చాలడం లేదన్న భావన మాత్రం మిగిలిపోయింది. ఎంత లోపలికి పీల్చినా చివర ఎక్కడో తగలాల్సింది తగలదు. ఛాతీ నిండా ఒక పెద్ద ఊపిరి అందితే హాయి, అందకపోతే ఆవలింత. అదీ సగంలో ఆగిపోతే మళ్లీ ఇంకోటి. కాసేపటికే మళ్లీ మొదలు.

అత్తయ్య దిష్టి అన్నారు. ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పుతూ మధ్యలో తనే నోరంతా తెరిచి ఆవలించి, "చూశావా, ఎంత దిష్టో!" అన్నారు. పార్కులో మాతో నడిచే ఒకావిడ భస్త్రిక చెయ్యమని, గట్టిగా పీల్చి గట్టిగా వదలమని సలహా ఇచ్చింది. చేశాక కళ్లు తిరిగి బెంచీ మీద కూలబడ్డాను. ఆమెను నేనింకా క్షమించలేదు.

పరీక్షల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో, థైరాయిడ్, ఊపిరి గొట్టంలోకి ఊదే స్పైరోమెట్రీ అన్నీ బాగున్నాయి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ 98, 99 చూపించింది. ఆక్సిమీటర్ బాగుంది కదా అని మాత్రం ఊరుకోకండి. రక్తం తక్కువైనా అది మామూలుగానే చూపిస్తుంది, ఎందుకంటే ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ మోస్తోందో తప్ప అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో దానికి తెలియదు. నేను ఆ పరీక్ష కూడా చేయించుకున్నాను, అదీ బాగానే ఉంది.

అసలు అవమానం నేను పనిచేసే బ్యాంకులో జరిగింది. పెన్షన్లు పడే రోజున కౌంటరు ముందు పెద్ద క్యూ. ఒక పెద్దాయన పాస్‌బుక్ ప్రింటుకి ఇచ్చారు. నాకు నిట్టూర్పు వచ్చింది, ఆపుకోబోతే ఆవలింతగా మారింది. "మేడం, మేమేం సరదాకి రాలేదు" అన్నారాయన. క్షమించమని చెబుతుండగానే ఇంకో నిట్టూర్పు! ఆయన నేరుగా వెళ్లి ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, కౌంటరులోని ఉద్యోగిని తనను చూసి పదేపదే నిట్టూర్చి, మొహం మీద ఆవలించి అవమానించిందని చక్కటి దస్తూరీతో రాసి వెళ్లిపోయారు.

మేనేజరు గారు సంజాయిషీ రాసివ్వమన్నారు. గాలి చాలక అలా అయిందని రాశాను. "ఇలా కాదమ్మా, మెడికల్ సర్టిఫికెట్ జతచెయ్యండి" అన్నారు. పరీక్షలు రాసిన డాక్టరు గారి దగ్గరకు వెళ్తే, "రిపోర్టులన్నీ నార్మల్. ఏ జబ్బని రాయమంటారు?" అని నవ్వి, మా ఆయన వైపు తిరిగి "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అడిగారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. అడిగేదేదో నన్నే అడగొచ్చుగా! జబ్బు లేదని అక్కడ సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ లేదని ఇక్కడ నా మాటకు విలువ లేదు. క్లర్కులందరి ముందూ "నిద్రపట్టడం లేదా మేడం" అనే పరామర్శలు వేరే.

చివరికి ఇంకో ఛాతీ డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఆమె రిపోర్టులు పక్కన పెట్టి మూడు ప్రశ్నలు అడిగారు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా? రాదు. నిద్రలోంచి ఊపిరాడక లేస్తారా? లేదు. ఊరికే కూర్చుంటే ఎక్కువా, పనిలో మునిగితే ఎక్కువా? ఊరికే కూర్చుంటేనే. అప్పుడు నన్ను ఒక నిమిషం పాటు గబగబా లోతుగా గాలి పీల్చమన్నారు. నిమిషం కాకముందే పెదవుల చుట్టూ తిమ్మిరి, వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టు, తల తేలిపోవడం. "ఇదే కదా మీకు రోజూ కొద్దికొద్దిగా వచ్చేది?" అన్నారు. అదే!

ఆమె చెప్పింది ఇది. నాకు గాలి తక్కువ కాలేదు, ఎక్కువైంది. ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో మెదడు ముఖ్యంగా రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి నిర్ణయిస్తుంది. అవసరానికి మించి పీలిస్తే అది బయటకు పోయి తగ్గుతుంది. దాంతో రక్తం కాస్త క్షారంగా మారి నరాలు చిటపటమంటాయి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుని తల తేలిపోతుంది. ఇలా రోజులు గడిస్తే మూత్రపిండాలు క్షారమైన బైకార్బనేట్‌ను బయటకు పంపి లెక్క సరిచేస్తాయి. ఇక ఆ తక్కువ మట్టమే మెదడుకు అలవాటైపోతుంది. ఏసీ 18లో పెట్టుకుని అలవాటుపడ్డవాళ్లకు 24 ఉక్కపోతలా ఉన్నట్టు, కార్బన్ డయాక్సైడ్ మామూలు స్థాయికి వచ్చేసరికి ఊపిరాడనట్టు ఉంటుంది. వెంటనే నిట్టూరుస్తాం, మట్టం మళ్లీ పడిపోతుంది. పైగా లోపలిది పూర్తిగా వదలకుండా పైపైన ఇంకా పీలుస్తుంటాం. ఛాతీ అప్పటికే నిండి ఉంటుంది కాబట్టి ఆ తృప్తి ఎంతకీ అందదు.

నిట్టూర్పే తప్పు కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా గంటకు పది పన్నెండుసార్లు తెలియకుండా నిట్టూరుస్తాడు. ముడుచుకున్న గాలిగదులు దానితోనే విచ్చుకుంటాయి. నాకు అది నిమిషానికోసారి వచ్చేది, అక్కడే తేడా.

ఫిజియోథెరపిస్టు అమ్మాయి చేయించింది చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోవాలి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొట్ట మీద. నోరు మూసుకుని ముక్కుతో, రెండు లెక్కపెట్టేంత లోపలికి, మూడు నాలుగు లెక్కపెట్టేంత బయటకు, తర్వాత చిన్న విరామం. పొట్ట మీది చెయ్యే కదలాలి. నేను లోతుగా పీలిస్తే "లోతుగా కాదండీ, తక్కువగా! పక్కవాళ్లకు చప్పుడు వినపడకూడదు" అని కోప్పడేది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. అది కుదిరాక కూర్చుని, తర్వాత నిలబడి, నడుస్తూ, చివరికి మాట్లాడుతూ.

కష్టమంతా ఆవలింత ముంచుకొచ్చినప్పుడే. అప్పుడు నోరు మూసి, గుటక వేసి, మెల్లగా ముక్కుతో వదిలి, రెండు మూడు క్షణాలు ఆగి, చిన్న ఊపిరి తీసుకోవాలి. నిట్టూర్పు జారిపోతే దాని వెనకాల కొన్ని క్షణాలు ఆగాలి. మొదటి రోజుల్లో ఇది నరకం. గొంతులో ఏదో పట్టుకున్నట్టు, ఇంకొక్క ఊపిరి తీసుకోకపోతే చస్తానన్నట్టు ఉంటుంది. ఆ ఇబ్బంది కొద్దిగా ఉంటే మట్టం పెరుగుతోందన్నమాట, భరించలేనంత ఉంటే ఎక్కువసేపు బిగబట్టామన్నమాట. కొన్ని వారాలకు కౌంటరులో గుటక వేయడం నాకే తెలియకుండా జరిగిపోతోంది. మాట్లాడుతూ ఊపిరి నిలుపుకోవడమే అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు ఖాతాదారులతో వాక్యం మధ్యలో ఆగి ముక్కుతో పీల్చుకుంటున్నాను. అది చూసి నేను చాలా ఓపికగా వివరిస్తున్నానని ఒకావిడ మెచ్చుకుంది కూడా!

ఇది అందరికీ కాదు. నడిస్తే ఆయాసం, ఛాతీలో నొప్పి, పిల్లికూతలు, కాళ్ల వాపు, రాత్రి ఊపిరాడక లేవడం ఉంటే ఈ గుటకలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు పరిగెత్తండి. షుగరు బాగా పెరిగినా, మూత్రపిండాలు దెబ్బతిన్నా శరీరం కావాలనే ఎక్కువ గాలి పీలుస్తుంది, దాన్ని అణచకూడదు. పాత పద్ధతిలో కాగితపు సంచిలోకి ఊపిరి వదిలి పీల్చడం కూడా వద్దన్నారు. అసలు జబ్బు గుండెదో ఊపిరితిత్తులదో అయితే సంచిలో ఆక్సిజన్ తగ్గి ప్రాణం మీదకు వస్తుంది.

రెండో డాక్టరమ్మ శ్వాస అలవాటు మారిందని రాసిచ్చిన కాగితాన్ని సంజాయిషీకి జతచేశాను. మేనేజరు గారు దాన్ని తిరగేసి మరగేసి చూసి, "ఇది అంటుకుంటుందా అమ్మా?" అని అడిగారు. ఆవలింతే అంటుకుంటుంది సార్ అన్నాను. అప్పటికే ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.