‘భయం’ అని రాసిన చీటీ రెండు ముక్కలైన కథ

2019 వానాకాలంలో నర్సంపేట, పరకాల వైపు ఊళ్ళలో తిరిగి 26 మందితో మాట్లాడాం. వాళ్ళలో 16 మంది కౌలు రైతులు, ఆరుగురు పట్టాదారులు, మిగతా నలుగురు వ్యవసాయ విస్తరణ అధికారులు, బ్యాంకువాళ్ళు. కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు అందడం లేదన్నది మాకిచ్చిన ప్రశ్న. 2018 మేలో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టా ఉన్నవాళ్ళకే వెళ్ళింది కాబట్టి, ఏ ఊళ్ళో కూర్చున్నా మాట అక్కడినుంచే మొదలయ్యేది.

మాట్లాడటం తేలిక. హనుమకొండలో నేనుండే గదికి వచ్చి, టైపు చేసిన కాగితాలను మంచం మీద పరిచాక అసలు పని మొదలైంది. దాదాపు నాలుగు వందల పేజీలు. చదివితే అన్నీ ముఖ్యమే అనిపిస్తాయి.

ఇలాంటి మాటల్లోంచి అర్థం తీయడానికి ఎంఏలో చదువుకున్నది నిరంతర పోలిక పద్ధతి. అందరూ కాన్‌స్టంట్ కంపారిటివ్ అనే అంటారు. బార్నీ గ్లేజర్ దీన్ని 1965లో ఒక వ్యాసంలో వివరించాడు. 1967లో ఆయన, ఆన్సెల్మ్ స్ట్రాస్ కలిసి, సేకరించిన మాటల్లోంచే సిద్ధాంతం పుట్టాలనే గ్రౌండెడ్ థియరీ మీద రాసిన పుస్తకంలోనూ ఇది ఉంది. పద్ధతి చెప్పడానికి చిన్నదే. ఒక సంగతికి పేరు పెడుతున్నప్పుడు, అదే పేరు కింద ఇంతకుముందు పెట్టిన సంగతులన్నిటితో దాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. చూస్తుండగా తడబాటు వస్తే కోడింగ్, అంటే ఈ పేర్లు పెట్టే పని, అక్కడే ఆపి, మనసులో మెదిలింది ఒక మెమోగా రాసుకోవాలి. ఆ రెండో నియమాన్ని మేమెవరం క్లాసులో పట్టించుకోలేదు. పనికొచ్చింది మాత్రం అదే.

మొదటి ఇంటర్వ్యూలో కౌలు కాగితం మాట వస్తే ఒక మిర్చి రైతు అన్నాడు: “కాయిదం అడిగితే వచ్చే యేడు ఈ భూమి ఇంకొకనికి వోతది బిడ్డా.” ఆ మాట ఎక్కించిన చీటీ మీద ‘భయం’ అని పేరు రాశాను. మూడోది పట్టాదారుతో. “కార్డు గీర్డు అని సంతకం పెడితే, రేపు భూమి మాదే అంటరు.” దీనికీ ‘భయం’ అనే రాశాను. రెండు చీటీలు పక్కన పెట్టేసరికి చిరాకేసింది. పేరు ఒకటే కానీ, ఎవరికి భయం, ఏది పోతుందని, ఎప్పుడు పోతుందని అడిగితే మూడిటికీ జవాబులు వేరు. ఒకరికి పోయేది ఒక సీజను సాగు. ఇంకొకరికి తాతల నాటి ఆస్తి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద కొందరు భూమి మీద హక్కులున్న రక్షిత కౌలుదారులయ్యారన్న సంగతి ఈ జిల్లాలో పాత ఇళ్ళు ఇంకా మర్చిపోలేదు. నిజానికి 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టం కింద బ్యాంకు అప్పు కోసం కౌలు రైతుకు ఇచ్చే రుణ అర్హత కార్డు భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు, ఏడాదికే చెల్లుతుంది. ఆ మాట చెప్పినా పట్టాదారు నమ్మడు.

అలా ‘భయం’ రెండయింది. తొమ్మిదో ఇంటర్వ్యూ దాన్ని ఇంకా తిప్పింది. ఆయన సాగు చేసేది సొంత చిన్నాయన భూమి. కాగితం ఎందుకు అడగలేదంటే నవ్వాడు. “గదేం మాట? చిన్నాయనను కాయిదం అడుగుతరా?” ఇందులో భయం లేదు, మొహమాటం ఉంది. అయినా ఫలితం ఒకటే, కాగితం లేదు. ఆ రాత్రి రాసిన మెమోలో ఆ చీటీలన్నీ చేరిన వర్గం పేరు మార్చేశాను: ‘అడగలేకపోవడం’. కౌలు ముందే మొత్తం కట్టాడా, ఎన్నేళ్ళుగా అదే భూమి చేస్తున్నాడు, భూమి ఎవరిది అన్నవి దాని గుణాలయ్యాయి. నా ప్రశ్న భయం మీది నుంచి సంబంధం మీదికి జరిగింది. ఏ ప్రశ్నాపత్రంలోనూ లేని ఈ మాట చీటీలు పక్కపక్కన పెట్టడం వల్లే వచ్చింది.

ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత మునిగాను. పదమూడో ఇంటర్వ్యూకి వచ్చేసరికి కోడ్లు 187. వర్గం మారిన ప్రతిసారీ వెనక్కి వెళ్ళి మొదటి నుంచి చూడాలి. పైగా ఈ పద్ధతి తర్వాత ఎవరితో మాట్లాడాలో కూడా అదే చెబుతుంది. కార్డు తీసుకున్న కౌలు రైతులు ఇంకో నలుగురైదుగురు కావాలని నా వర్గాలు అడుగుతున్నాయి. నా దగ్గరేమో బస్సు చార్జీలకు కూడా డబ్బు లేదు, నివేదికకు నాలుగు వారాలే ఉంది. అధ్యయనం చేయించిన సంస్థ నాలుగు ప్రశ్నలు పంపింది: కౌలు రైతుల పరిస్థితి ఏమిటి, కార్డుకు ఎందుకు వెళ్ళడం లేదు, వెళ్ళినవాళ్ళకు ఏం ఒరిగింది, ఏం మార్చాలి. టెన్షన్‌తో రెండు రోజులు ఏమీ చేయలేదు.

మా గైడ్ మేడమ్ ఆ ప్రశ్నలు చూసి, “ఇవి ఫ్రేమ్‌వర్క్ వాళ్ళ ప్రశ్నలే కదమ్మా” అన్నారు. అంశాల చట్రం కట్టి, మాటలను పట్టికల్లో సర్దే ఫ్రేమ్‌వర్క్ ఎనాలిసిస్ పుట్టిందే విధానాల కోసం చేసే పరిశోధనలో. 1980ల్లో బ్రిటన్‌లోని ఒక సామాజిక పరిశోధన సంస్థలో ఇది రూపుదిద్దుకుంది. జేన్ రిచీ, లిజ్ స్పెన్సర్ 1994లో దాన్ని ఒక అధ్యాయంగా రాశారు. పరిస్థితి, కారణం, ఫలితం, చేయాల్సింది అంటూ వాళ్ళు విడదీసిన నాలుగు రకాల ప్రశ్నలే మాకు వచ్చాయి. గడువు ముందే ఉండి, ఎవరిని కలవాలో ముందే తేలిపోయి, జవాబు ఇంకొకరికి చూపించాల్సిన పనికి ఇది సరిపోతుంది.

మొదటి మెట్టు పరిచయం చేసుకోవడం. అన్నీ కాకుండా, రకానికి కొన్ని చొప్పున ఎనిమిది ఇంటర్వ్యూలు మళ్ళీ చదివాను. రెండోది చట్రం కట్టడం. 187 కోడ్లు ఐదు పెద్ద అంశాల్లో సర్దుకున్నాయి, ఒక్కో దానికింద నాలుగైదు ఉప అంశాలు. ‘అడగలేకపోవడం’ మూడో అంశమైంది, 3.1 భూమి పోతుందన్న పట్టాదారు భయం, 3.2 సాగు పోతుందన్న కౌలుదారు భయం, 3.3 మొహమాటం. ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. చట్రాన్ని దాదాపు కౌలు రైతుల మాటలతోనే కట్టాను. మూడో మెట్టులో, అంటే పేజీ అంచుల్లో ఈ నంబర్లు వేస్తూ పోతుంటే, బ్యాంకువాళ్ళ మాటలన్నీ ‘ఇతరాలు’ లోకి పోతున్నాయి. ఇతరాలు నిండుతుందంటే చట్రం తప్పని అర్థం. ఒకే సర్వే నంబరు మీద రెండు పంట రుణాలు అన్న ఉప అంశం చేర్చి, నంబర్లు మళ్ళీ వేశాను. నాలుగు రోజులు పోయాయి.

నాలుగోది పట్టికలు వేయడం. ఒక్కో అంశానికి ఎక్సెల్‌లో ఒక షీటు. మనిషికొక వరుస, ఉప అంశానికొక నిలువు. అన్ని షీట్లలోనూ మనుషుల వరస ఒకటే ఉండాలి, లేకపోతే ఒక మనిషిని షీటు నుంచి షీటుకు వెంబడించలేం. నేను మొదట నింపిన గడుల్లో “భయం ఉంది, కాగితం లేదు” అని ఉండేది. మేడమ్ ఒక గడి మీద వేలు పెట్టి, “ఇది ఏ రైతుదో చెప్పు” అన్నారు. చెప్పలేకపోయాను. పదిమందిలో ఎవరిదైనా కావచ్చు. తర్వాత అదే గడి ఇలా మారింది: “ఆరేళ్ళుగా ఇదే మూడెకరాలు. కౌలు మొత్తం ఉగాదికే కట్టాడు. కాయిదం అడిగితే భూమి ‘ఇంకొకనికి వోతది’. పోయినేడు పక్క చేను ఆయనకు అట్లే అయింది. పే. 4.” మనిషి మాట కొంత ఉండాలి, సంక్షిప్తంగా ఉండాలి, మూలం ఏ పేజీలో ఉందో తెలియాలి.

ఖాళీ గడులు ఇంకో పాఠం నేర్పాయి. ‘కార్డు గురించి విన్నారా’ అన్న నిలువులో ఆరుగురు కౌలు రైతుల గడులు ఖాళీ. వాళ్ళకు తెలియదన్నమాట అని నివేదికలో ఒక వాక్యం కూడా రాసేశాను. అనుమానమొచ్చి మూలం తీస్తే, నలుగురిని మేం అసలు అడగనే లేదు! ఆ ప్రశ్న ఐదో ఇంటర్వ్యూ తర్వాత చేర్చింది. మిగతా ఇద్దరు అడిగితే మాట మార్చారు. అప్పటినుంచి ఖాళీగా వదలడం మానేసి ‘అడగలేదు’, ‘అడిగాం, చెప్పలేదు’ అని వేరువేరుగా రాస్తున్నాను. చీటీల కుప్పలో ఉండగా ఈ తప్పు నాకు ఎప్పటికీ దొరికేది కాదు. లేని చీటీ కంటికి కనపడదు, ఖాళీ గడి కనపడుతుంది.

చివరి మెట్టులో పట్టికను అటూ ఇటూ చదవాలి. కౌలు రైతుల వరుసలను భూమి ఎవరిదన్న దాన్నిబట్టి మూడు గుంపులు చేశాను: చుట్టాలది ఐదుగురు, ఊళ్ళోనే ఉండే పట్టాదారుది ఆరుగురు, హైదరాబాద్‌లోనో ఇంకెక్కడో ఉండేవాళ్ళది ఐదుగురు. 3.2 నిలువంతా కిందికి చదివితే భయం ఎక్కువగా రెండో గుంపులో ఉంది. దూరంగా ఉన్న యజమాని అంటేనే ఎక్కువ భయపడతారని నేననుకున్నది తప్పు. మూడో గుంపులో ముగ్గురు “ఆయనకు ఇదేం పట్టది” అన్నారు. వాళ్ళ భయమంతా భూమి చూసుకునే మధ్యవర్తి మీద. ఇది 16 మంది మాట మాత్రమే. శాతాలు వేయొద్దని మేడమ్ గట్టిగా చెప్పారు. రకాలు ఎన్నో, ఎందుకో చెప్పగలం, జిల్లాలో ఎంతమందో చెప్పలేం.

పట్టిక వల్ల పోయేది కూడా ఉంది. ఆ మిర్చి రైతు కౌలు ముందే కట్టడం రెండో షీటులో, కాగితం అడగలేకపోవడం మూడో షీటులో పడ్డాయి. ఆయన చెప్పినప్పుడు అవి ఒకే వాక్యం: డబ్బు ముందే ఇచ్చేశాడు కాబట్టే ఇక గట్టిగా అడిగే పట్టు లేదు. గడులుగా కోస్తే ఆ ‘కాబట్టి’ రాలిపోయింది. దాన్ని తిరిగి పట్టుకోవడానికి మళ్ళీ పాత పద్ధతికే వెళ్ళాను. ముందే కట్టినవాళ్ళ వరుసలు, పంటయ్యాక కట్టేవాళ్ళ వరుసలు పక్కపక్కన పెట్టి, ఒక్కో గడిని ఇంకో గడితో పోల్చి, మెమోలు రాశాను. కాబట్టి రెండిట్లో ఏది మేలని జూనియర్లు అడిగితే నాకు కొంచెం విసుగు. వర్గం పుట్టేది పోలికలో, అది అందరిలో ఎలా పరచుకుందో కనిపించేది పట్టికలో. వర్గాలింకా కదులుతుండగా చట్రం బిగించి ఉంటే నా 3.3 ఉండేదే కాదు.

పద్నాలుగో వరుస ఒక్కటి ఏ గుంపుతోనూ కలవలేదు. 16 మందిలో కార్డు తీసుకున్నది ఆయనొక్కడే. అడగగలిగాడు, కార్డు వచ్చింది, బ్యాంకుకు పోయాడు. ఆ సర్వే నంబరు మీద పట్టాదారు అప్పటికే పంట రుణం తీసుకున్నాడని తిప్పి పంపారు. మా నివేదికంతా అడగలేకపోవడం గురించే అయితే, అడిగినవాడికి జరిగిందిది. ఈ వరుసను పక్కన పెడితే నివేదిక నున్నగా వచ్చేది. మేడమ్ ఒప్పుకోలేదు, నాకూ మనసొప్పలేదు. ‘ఏం మార్చాలి’ అన్న భాగంలో అదే మొదటికి వచ్చింది. ఇంకా వివరంగా అడుగుదామని ఆయనకు రెండుసార్లు ఫోన్ చేశాను. పత్తి ఏరుతున్నామని, తర్వాత చేయమని ఆయన భార్య చెప్పింది. నివేదిక ఇచ్చే రోజు వరకూ ఆ షీటులో ఆయన గడులు రెండు ‘అడగలేదు’ అనే ఉన్నాయి.