అకౌంట్స్ అసిస్టెంట్ అనుభవాన్ని బ్యాంక్ పీవో ఇంటర్వ్యూకి ఎలా రాసుకున్నానంటే

ఐబీపీఎస్ పీవో ఫైనల్ మెరిట్‌లో మెయిన్స్‌కి 80, ఇంటర్వ్యూకి 20 వెయిటేజీ. మెయిన్స్ అయిపోయాక ఆ 20 కోసం నేను ఎక్కువ రోజులు కూర్చున్నది నా రెజ్యూమెలోని మొదటి నాలుగు లైన్ల మీదే. ముందు ఉద్యోగం చేసి వచ్చిన వాళ్ళని ప్యానెల్ సాధారణంగా ఆ ఉద్యోగం గురించే మొదట అడుగుతుంది. మీలోనూ చిన్న ఆఫీసుల్లో అకౌంట్స్ పని చేసి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారని ఇది రాస్తున్నాను.

విజయవాడలో ఎలక్ట్రికల్, శానిటరీ సామాను అమ్మే ఒక హోల్‌సేల్ షాపులో రెండున్నరేళ్ళు పనిచేశాను. నా మొదటి సమ్మరీ ఇలా ఉండేది. రాసింది ఇంగ్లిష్‌లోనే, ఇక్కడ తెలుగులో చెబుతున్నాను: “అకౌంట్స్ అసిస్టెంట్‌గా రెండున్నరేళ్ళ అనుభవం. టాలీ ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నుల పని, బ్యాంక్ రీకన్సిలియేషన్, బాకీల ఫాలో-అప్ నా బాధ్యతలు. కష్టపడి పనిచేస్తాను.” ఇందులో అబద్ధం లేదు. కానీ ఇది చదివితే నా కుర్చీలో ఎవరు కూర్చున్నా చేసే పనుల జాబితా తెలుస్తుందే తప్ప, ఆ కుర్చీలో నేను కూర్చోవడం వల్ల ఏం జరిగిందో తెలియదు.

కోచింగ్‌లో ఒక సీనియర్ చూసి, “ఇంత నీరసంగా రాస్తే ఎలా? సాధించింది రాయి” అన్నారు. ఆ రాత్రే మార్చేశాను: “సంస్థ జీఎస్టీ వ్యవహారాలన్నీ నడిపించి, ఏడాదిలో 6 లక్షల పన్ను ఆదా చేశాను.” చదువుకుంటే భలే ధైర్యం వచ్చింది. రెండు రోజుల తర్వాత మాక్ ఇంటర్వ్యూలో రిటైర్డ్ బ్యాంక్ మేనేజర్ ఒకరు ఆ లైను మీద వేలుపెట్టి అడిగారు.

“రిటర్న్ ఎవరి లాగిన్‌తో ఫైల్ చేశారమ్మా?”

“ఆడిటర్ గారి ఆఫీసులో చేసేవారు సార్. నేను డేటా తయారుచేసి పంపేదాన్ని.”

“మరి ఈ 6 లక్షలు? ఆదా అయిందా, ఆలస్యంగా రావాల్సింది టైముకి వచ్చిందా?”

నాకు నోట మాట రాలేదు. ఆ రెండో ప్రశ్నలో ఎంత విషయం ఉందో ఇంటికొచ్చాక గానీ అర్థం కాలేదు.

2022 జనవరి 1 నుంచి, సరఫరాదారు తన అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్టీఆర్-1లో బిల్లు చూపించి, అది మనకొచ్చే స్టేట్‌మెంట్ జీఎస్టీఆర్-2బిలో కనిపిస్తేనే, కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవాలి. నెలవారీ జీఎస్టీఆర్-1కి గడువు 11వ తేదీ. 2బి వచ్చేది 14న. జీఎస్టీఆర్-3బి వేసి పన్ను కట్టేది 20లోపు. అంటే 14న 2బి తెరిచి, బిల్లు లేదని చూసి సరఫరాదారుకి ఫోన్ చేసినా ఆ నెలకి లాభం లేదు. మా షాపులో చాలాకాలం జరిగింది అదే. నేను చేసిన మార్పు ఒక్కటే. పోయిన నెల ఎవరి బిల్లులు రాలేదో వాళ్ళ పేర్లు రాసుకుని, 8, 9 తేదీల్లోనే వాళ్ళకి ఫోన్ చేసేదాన్ని. నెలకు 25, 30 బిల్లులు తప్పిపోయేవి ఆరేడుకి తగ్గాయి.

నేను రాసిన 6 లక్షలు, ఏడాది పొడవునా అలా తప్పిపోకుండా వచ్చిన బిల్లుల మీది పన్ను మొత్తం. కానీ సరఫరాదారు ఆలస్యంగా చూపిస్తే ఆ క్రెడిట్ తర్వాతి నెల 2బిలో వస్తుంది. డబ్బు పోదు, ఒకటి రెండు నెలలు ఆగుతుంది. ఈలోగా ఆ మేరకు షాపు చేతి నుంచి నగదు కట్టాలి. దాన్ని “ఆదా” అనకూడదు. రోజూ వర్కింగ్ క్యాపిటల్ చూసే బ్యాంకు మనిషికి ఆ తేడా క్షణంలో పట్టుబడుతుంది.

అప్పుడు సమ్మరీ పక్కన పెట్టి ఒక తెల్లకాగితం మీద మూడు గడులు గీశాను. నేనొక్కదాన్నే చేసినవి, వేరేవాళ్ళతో కలిసి చేసినవి, నేను మొదలుపెట్టినవి. ప్రతి పనికీ క్రియాపదం దాని గడి నుంచే రావాలని పెట్టుకున్నాను. రిటర్నులకి “ఫైల్డ్” కొట్టేసి “ప్రిపేర్డ్” పెట్టాను. ఇంకో వైపు కూడా తప్పు చేశానని అప్పుడే తెలిసింది. భయంతో కొన్నిచోట్ల “అసిస్టెడ్” అని రాశాను. కొనుగోలు బిల్లుల ఎంట్రీ పూర్తిగా నాదే, అమ్మకాలవి పక్క సీటు అక్క చూసేది. నాదైన పనికి “సాయం చేశాను” అని రాయడం కూడా నిజం కాదు.

అంకె కోసం ఓనర్ గారికి ఫోన్ చేసి అనుమతి అడిగి, అక్కతో టాలీలో స్టాటిస్టిక్స్ రిపోర్ట్ తీయించాను. ఏ రకం వోచర్లు ఎన్ని ఉన్నాయో అందులో వస్తుంది. 2023 జనవరి నుంచి డిసెంబరు వరకు కొనుగోలు వోచర్లు 4,632. పన్నెండుతో భాగిస్తే 386. “సుమారు 380” అని రాశాను. నాకు గుర్తున్నది 500, అది మార్చి నెల రద్దీ చూసి మనసులో పడిపోయిన అంకె. మీరూ గుర్తున్న అంకె రాసే ముందు ఒకసారి రికార్డు చూసుకోండి. షాపు టర్నోవర్, సరఫరాదారుల పేర్లు మాత్రం ఎక్కడా పెట్టలేదు, అవి వాళ్ళవి.

ఇంకో చిక్కు. బిల్లులు తప్పిపోవడం తగ్గిన ఆ నెలల్లోనే, మూడు నెలలకోసారి రిటర్న్ వేసే ఇద్దరు సరఫరాదారులు, అలాంటి వాళ్ళు మధ్య నెలల్లో కూడా బిల్లులు చూపించుకోవడానికి ఉన్న ఐఎఫ్ఎఫ్ అనే సదుపాయంలో బిల్లులు నెలనెలా ఎక్కించడం మొదలుపెట్టారు. అది నా ఫోన్ల వల్లే అని చెప్పలేను. అందుకే “తగ్గించాను” అనకుండా, నేను చేసింది చెప్పి, తర్వాత ఏమైందో చెప్పాను. బ్యాంక్ రీకన్సిలియేషన్ దగ్గర “5వ తేదీలోపు పూర్తి” అని రాద్దామనుకున్నా, ఏప్రిల్‌లో ఆలస్యమైన సంగతి గుర్తొచ్చి తేదీ తీసేశాను. బాకీల ఫాలో-అప్ మొత్తం తీసేశాను. ఫోన్లు చేసేదాన్ని, వసూలు చేసింది సేల్స్ అబ్బాయిలు.

చివరికి మిగిలింది ఇది: “ఎలక్ట్రికల్ హోల్‌సేల్ షాపులో రెండున్నరేళ్ళు కొనుగోలు ఖాతాలు పూర్తిగా చూశాను, నెలకు సుమారు 380 బిల్లులు. ఆడిటర్‌కి జీఎస్టీ రిటర్నుల డేటా తయారుచేశాను. గడువుకి ముందే సరఫరాదారులకి గుర్తుచేసే పద్ధతి మొదలుపెట్టాను. ఆ తర్వాత 2బిలో రాని బిల్లులు నెలకు 25-30 నుంచి 6-7కి వచ్చాయి. మూడు బ్యాంకు ఖాతాల నెలవారీ రీకన్సిలియేషన్ చేశాను.”

రెండో దానికంటే ఇదే నాకు గట్టిగా అనిపించింది. ఏ పదం మీద వేలుపెట్టినా వెనక కాగితం ఉంది, జరిగిన రోజు గుర్తుంది. బయటికి చదివి చూసుకున్నప్పుడు ఎక్కడా గొంతు తడబడలేదు.

అసలు ఇంటర్వ్యూలో మేడమ్ ఒకరు మూడో లైను చదివి, “మిగతా ఆరేడు బిల్లులు ఎందుకు రాలేదు?” అన్నారు. ఇద్దరు ముగ్గురు మూడు నెలలకోసారే చూపించేవాళ్ళని, ఒకాయన రిజిస్ట్రేషన్ రద్దయిందని, అలాంటి వాళ్ళకి ఓనర్ గారు పన్ను భాగం ఆపి మిగతా సొమ్మే ఇచ్చేవారని చెప్పాను. “అయితే ఆ షాపు లోనుకి వస్తే మీరు ఏ కాగితాలు అడుగుతారు?” అని ఆవిడ ముందుకు వంగి అడిగారు. అక్కడి నుంచి ఐదు నిమిషాలు మా మాటలన్నీ జీఎస్టీ రిటర్నులు, స్టాకు, బాకీల మీదే నడిచాయి.