8కి 6 అని చెప్పి లేచిపోతే

పడుకుందామనే అనుకున్నాను. కానీ జయనగర్‌లో బావ వాళ్లింట్లో సాయంత్రం చూసిన గో ఆట బోర్డు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. బావ సంగతి మీకు తెలిసిందే. ఒకసారి లెక్క చెప్పాడంటే మళ్లీ అటు చూడడు.

బావవి నల్ల రాళ్లు, చిన్నోడివి తెల్లవి. రెండు గుంపులూ ఒకదాన్నొకటి చుట్టేసుకున్నాయి, దేనికీ కన్ను, అంటే సొంత రాళ్లే చుట్టేసిన ఖాళీ, లేదు. గుంపుని ఆనుకుని ఉన్న ఖాళీలే లిబర్టీలు, అవన్నీ మూసేస్తే గుంపు పట్టుబడుతుంది. నలుపుకి బయట 5 లిబర్టీలు, తెలుపుకి బయట 3. మధ్యలో ఇద్దరికీ ఉమ్మడిగా 3 ఖాళీలు. "నాకు 8, నీకు 6. ఇవి చచ్చిన రాళ్లే" అని బావ తన వంతు తీసుకెళ్లి పైన అంచు మీద పెట్టాడు. అక్కడ వచ్చేది మహా అయితే 2 పాయింట్లు. చిన్నోడు ఏమీ మాట్లాడకుండా నలుపు బయటి లిబర్టీ ఒకటి మూశాడు. దాంతో అది సెకీ అయిపోయింది, అంటే ఎవరూ ఎవరినీ పట్టలేక రెండు గుంపులూ అలాగే బతికిపోయే స్థితి. 7 తెల్ల రాళ్లకి 14 పాయింట్లు, మధ్యలో 3 ఖాళీలు, మొత్తం 17 పాయింట్లు చేజారాయి.

ఆ వంతు బావ అక్కడే వాడి ఉంటే గెలిచేవాడు. రాళ్లు పేర్చి చూడండి. తెలుపుని పట్టాలంటే నలుపు 6 ఎత్తులు వెయ్యాలి, బయట 3, మధ్యలో 3. నలుపు ముందు వేస్తే బయటి 3 మూసేసరికి తెలుపు కూడా 3 వేస్తుంది, నలుపుకి బయట 2 మిగులుతాయి. నలుపు మధ్యలో ఒకటి వేస్తుంది, తెలుపు బయట ఇంకొకటి మూస్తుంది. నలుపు మధ్యలో రెండోది వెయ్యగానే తెలుపు అటారి, అంటే ఇంకొక్క ఎత్తు పడితే పోతుంది. నలుపుకి బయట ఇంకా 1 ఉంది. తెలుపు దాన్నీ మూస్తుంది, నలుపు చివరి ఖాళీలో పెట్టి 7 రాళ్లూ ఎత్తేస్తుంది. ఒక్క ఎత్తు తేడాతో గెలుపు. అదే తెలుపు ముందు వేస్తే ఆ ఒక్కటీ ఉండదు. బయటివన్నీ అయిపోయాక 2 ఉమ్మడి ఖాళీలు మిగిలి, నలుపు వంతు వస్తుంది. అక్కడ ఎవరు వేలు పెట్టినా వాళ్ల గుంపే పోతుంది.

నాకు కోపం వచ్చేది ఆ "8కి 6" మీదే. ఉమ్మడి ఖాళీని ఇద్దరి ఖాతాలోనూ సమానంగా వేసేస్తే తేడాలో అది మాయమైపోతుంది. నిజానికి ఆ 3 ఖాళీలూ పూర్తిగా దాడి చేసేవాడి నెత్తిన బరువు. మధ్యలో పెట్టే ప్రతి రాయితో అతను తన లిబర్టీని కూడా తినేసుకుంటాడు. వెనకబడినవాడికి అక్కడ వెయ్యాల్సిన పనే లేదు, సెకీ చాలు. అందుకే ఎప్పుడూ మూడు అంకెలు విడిగా చెప్పుకోవాలి: మన బయట, వాళ్ల బయట, ఉమ్మడి. ఉమ్మడి ఖాళీ ఉన్నప్పుడు వంతు వాళ్లదైతే, బయటి తేడా ఉమ్మడి అంత ఉండాలి. వంతు మనదైతే ఒకటి తక్కువున్నా సరిపోతుంది. ఇక్కడ తేడా 2, ఉమ్మడి 3, కాబట్టి బావ తన వంతు వదులుకోకూడదు.

కొత్తవాళ్లకి మొత్తం లెక్క అసలు నేర్పకూడదని రాయబోయాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఉమ్మడి ఖాళీ ఒక్కటే ఉంటే, లేదా అసలు లేకపోతే, మొత్తం లెక్క అచ్చంగా సరిపోతుంది. ఎవరికి ఎక్కువుంటే వాళ్లు గెలుస్తారు, సమానమైతే ముందు వేసినవాళ్లు. మామూలు ఆటల్లో ఎక్కువగా ఎదురయ్యేదీ అదే. కాబట్టి మొదట అదే నేర్పాలి. రెండో ఉమ్మడి ఖాళీ కనపడగానే ఆగమని కూడా అప్పుడే చెప్పాలి.

బయటివి ముందు, మధ్యవి చివర అనే మాట ఉంది కదా, దాని కారణం ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈ ఆటలో నలుపు మధ్యలో చివరి ఒక్క ఖాళీ వదిలి మిగతావి ముందు వేసినా ఎత్తులు అవే 6, గెలుపు పోదు. పోయేది వెనక్కి తగ్గే దారి. దూరంగా ఎక్కడో కో, అంటే ఒకే చోట ఒక్కో రాయిని ఇద్దరూ మార్చి మార్చి పట్టుకునే పోరు, మొదలై ఒక వంతు అటు ఖర్చయిందనుకోండి. మధ్యలో 2 ఖాళీలు మిగిలి ఉంటే నలుపు సెకీతో బయటపడుతుంది. అప్పటికే వాటిని ఒక్కటికి తగ్గించి పెట్టుకుంటే నలుపు గుంపే చస్తుంది. తెలుపుకి మాత్రం, వెనకబడి ఉన్నంతసేపూ, మధ్యలో వెయ్యడం పనికిరాదు.

ఇదంతా ఇద్దరికీ కన్ను లేనప్పటి మాట. నలుపుకి ఒక చిన్న కన్ను ఉండి తెలుపుకి లేకపోతే ఉమ్మడివి మూడూ నలుపు ఖాతాలోకే వెళ్తాయి. అప్పుడు నలుపుకి 5, 3, 1 కలిపి 9, తెలుపుకి బయటి 3 మాత్రమే. అక్కడ సెకీ ఆశే లేదు. అలాంటి చోట బావ వంతు వదిలేసి ఎక్కడ పెట్టుకున్నా నేను పల్లెత్తు మాట అనను.