మూడు బిడ్లు, ఒకటిన్నర పేజీ నోట్: నా అనుభవం

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ కోసం 20 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్‌కి టెండర్ పిలిస్తే మూడు బిడ్లు వచ్చాయి. కేంద్ర నిధులతో నడిచే సంస్థ కాబట్టి కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలైన జీఎఫ్ఆర్ 2017 మాకు వర్తిస్తాయి. రెండు కవర్ల పద్ధతి పెట్టాం కనుక ముందు టెక్నికల్ బిడ్లే తెరిచాం, ధరలు పోర్టల్‌లో ఇంకా తెరుచుకోలేదు. బిడ్లను పరిశీలించే కమిటీ కూర్చునేలోపు పర్చేజ్ ఆఫీసర్‌గా నేను నోట్ పెట్టాలి.

కమిటీలో ఉన్న ఎలక్ట్రికల్ హెచ్ఓడీ ముందే ఫోన్ చేశారు. "ఎవరిది బాగుందో మీరే ఒక ముక్క రాసేయండి, మాకు పని తగ్గుతుంది" అన్నారు. "అది మీరు తేల్చాల్సింది సార్, నేను ఏ పేజీలో ఏముందో మాత్రం రాస్తాను" అన్నాను. ఆ ఒక్క ముక్క నేను రాశానంటే, రేపు ఆడిట్ వాళ్లు కమిటీ ఎందుకు కూర్చున్నట్టని అడుగుతారు.

ఎక్కువ సమయం తిన్నది బ్యాటరీల సంగతే. స్పెసిఫికేషన్‌లో మేమడిగింది పూర్తి లోడ్‌పై 30 నిమిషాల బ్యాకప్. 0.8 పవర్ ఫ్యాక్టర్ లెక్కన లోడ్ 16 కిలోవాట్లు. అరగంటకి 8,000 వాట్ అవర్లు, ఇన్వర్టర్ నష్టం కలిపితే దాదాపు 8,900. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని అరగంటలో పిండేస్తే పైన రాసి ఉన్న సామర్థ్యంలో ఇంచుమించు సగమే ఇస్తుంది. అంటే బ్యాటరీ వోల్టులు, దాని సామర్థ్యమైన ఏహెచ్, బ్యాటరీల సంఖ్య గుణిస్తే వచ్చే వీఏహెచ్ కాగితం మీద 17 నుంచి 18 వేలు ఉండాలి. ఈ లెక్క హెచ్ఓడీ గారితో సరిచూయించుకున్నాకే నోట్‌లో పెట్టాను.

ఎ కంపెనీ 12 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీలు 16 ఇస్తామంది. 19,200 వీఏహెచ్, పేచీ లేదు. సి కంపెనీ 42 ఏహెచ్‌వి 15 చూపించింది, మొత్తం 7,560. ఎలా సరిపోతుందా అని చూస్తే, బ్రోచర్ కింద చిన్న అక్షరాల్లో "40 శాతం లోడ్‌పై" అని ఉంది. అయితే బిడ్డర్లు నింపాల్సిన మా కంప్లయన్స్ షీట్‌లో "30 నిమిషాల బ్యాకప్" అని మాత్రమే ఉంది, పూర్తి లోడ్ అన్న మాట అందులో పడలేదు. సి వాళ్లు దాన్ని పట్టుకుని వాదించవచ్చు. మన కాగితంలోని ఈ లొసుగును దాచకుండా కమిటీ ముందు పెట్టాను. బయటివాళ్లు ఎత్తి చూపాక తెలియడం కంటే అదే నయం.

బి సంగతి వేరు. పూర్తి లోడ్‌పై 30 నిమిషాలు ఇస్తామని స్పెసిఫికేషన్ ప్రతి పేజీ మీద సంతకం చేశారు. డేటాషీట్‌లో మాత్రం 16 బ్యాటరీల సెట్‌కి 42, 65, 100 ఏహెచ్ మూడు ఆప్షన్లూ ఉన్నాయి, ఏదీ టిక్ పెట్టలేదు. ఇక్కడ ప్రశ్న ఎలా అడుగుతామన్నదే అసలు విషయం. "ఏ బ్యాటరీ ఇస్తారు?" అంటే కొత్త ఆఫర్‌కి తలుపు తీసినట్టే. బిడ్ సారాన్ని గానీ ధరను గానీ మార్చే వివరణ అడగకూడదు, ఒప్పుకోకూడదు. అందుకే నోట్‌లో ప్రశ్న ఇలా ప్రతిపాదించాను: "మీరు సంతకం చేసిన పూర్తి లోడ్ హామీకి మీ డేటాషీట్‌లోని ఏ ఆప్షన్ వర్తిస్తుంది? ధరలో మార్పు లేకుండా నిర్ధారించండి."

ఎ దగ్గర మరో చిక్కు. వారంటీ బ్యాటరీలతో సహా మూడేళ్లని బిడ్డర్ రాశారు, జత చేసిన తయారీదారు లేఖలో బ్యాటరీలకు రెండేళ్లే. మూడో ఏడాది ఎవరు భరిస్తారో అడగాలని రాశాను.

సి కంపెనీ బిడ్‌తో పాటు కట్టాల్సిన ధరావతు, అంటే ఈఎండీ కట్టలేదు, దాని బదులు చిన్న పరిశ్రమగా నమోదైనట్టు చూపే ఉద్యమ్ సర్టిఫికెట్ పెట్టింది. తీసి చూస్తే అందులో ప్రధాన కార్యకలాపం ట్రేడింగ్. వస్తువుల కొనుగోలులో చిన్న పరిశ్రమలకిచ్చే మినహాయింపు తయారీదారులకే గానీ ట్రేడర్లకు కాదు, మా టెండర్‌లోనూ అదే రాశాం. ఇది వివరణ అడిగితే తీరేది కాదని వేరుగా గుర్తు పెట్టాను.

కమిటీ సి బిడ్‌ను ఈఎండీ కారణంగానే పక్కన పెట్టింది, బ్యాటరీ వాదనలోకి వెళ్లలేదు. మిగతా ఇద్దరికీ ప్రశ్నలు పోర్టల్ ద్వారానే వెళ్లాయి. మూడో ఏడాది తనదేనని ఎ రాసిచ్చింది. బి నుంచి 100 ఏహెచ్ అని జవాబొచ్చింది. ఆ మూడింటిలో సంతకం చేసిన హామీకి సరిపోయేది అదొక్కటే కాబట్టి బిడ్‌లో కొత్తగా చేరిందేమీ లేదని కమిటీ మినిట్స్‌లో రాసుకుంది.

"ఇద్దరే మిగిలారు, మళ్లీ పిలుద్దామా?" అని ఫైనాన్స్ మేడమ్ అడిగారు. టెండర్‌కి తగినంత ప్రచారం ఇచ్చి, అర్హత షరతులు అనవసరంగా బిగించకుండా, ధరలు సబబుగా ఉంటే ఒక్క బిడ్ వచ్చినా చెల్లుతుందని జీఎఫ్ఆర్ 173వ నిబంధన చూపించాను. సి తిరస్కరణకు కారణం పోర్టల్‌లో నమోదు చేసి, ధరల బిడ్లు తెరిచే తేదీ ఇచ్చేశాం.